గేట్ పాస్ మీద మూడు సంతకాలు: ఏది దేనికి, తేడా ఎక్కడ వస్తుంది

హైదరాబాద్‌లో కంచన్‌బాగ్ వైపు రక్షణ పరిశోధనశాలలు, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, క్షిపణులు తయారుచేసే బీడీఎల్ ఉన్నాయి. మౌలాలీ, కుషాయిగూడ వైపు అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ, ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉన్నాయి. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు బ్యాంకుల లావాదేవీలు నడిచే సర్వర్ గదులున్నాయి. మెషిన్లు బాగుచేయడానికో, సామాను ఇవ్వడానికో, మీటింగ్‌కో ఇలాంటి చోట్లకు బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్ల నుంచి రోజూ మనుషులు వెళ్తుంటారు. వాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: "లోపల సారే రమ్మన్నారు, మొన్ననే మెయిల్ పంపాం, ఆధార్ చూపించాం. ఇంకా ఎందుకు ఆపుతున్నారు?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. సాధారణంగా దానికి జవాబు విజిటర్ పాస్ ఫారంలోనే ఉంటుంది. కాకపోతే ఆ ఫారాన్ని ఎవరూ పూర్తిగా చదవరు. ఫారం రూపం ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల కార్బన్ పేపరు పెట్టి రాసే పుస్తకం, కొన్నిచోట్ల కంప్యూటర్లో ఫొటో తీసి ఇచ్చే స్లిప్పు. లోపలి ఏర్పాటు మాత్రం అన్నిచోట్లా దాదాపు ఒకటే.

ఒకే కాగితం, మూడు వేర్వేరు ప్రశ్నలు

విజిటర్ పాస్ ఫారం మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఈ మనిషి లోపలికి రావాల్సిన అవసరం ఏమిటి? వచ్చిన మనిషి నిజంగా అతనేనా? లోపల ఉన్నంతసేపూ అతను ఎవరి కళ్ల ముందు ఉంటాడు? మొదటిదానికి లోపల పనిచేసే అధికారి జవాబిస్తారు. ఆయన్నే హోస్ట్ అంటారు, తెలుగు ఫారాల్లో "కలవవలసిన అధికారి" అని ఉంటుంది. రెండోదానికి గేటు దగ్గర రిసెప్షన్‌లో కూర్చున్న భద్రతా సిబ్బంది జవాబిస్తారు. మూడోదానికి ఎస్కార్ట్ జవాబిస్తారు, అంటే వెంట ఉండి తీసుకెళ్లి తిరిగి గేటు దగ్గర దింపే మనిషి.

ఒకరి సంతకం ఇంకొకరి ప్రశ్నకు జవాబు కాలేదు. సార్ రమ్మన్నారంటే అవసరం ఉందని తేలింది, అంతే. గేటు దగ్గర నిలబడ్డది ఆయన రమ్మన్న మనిషేనని దాంతో తేలలేదు. ఆధార్ సరిపోయిందంటే మనిషి ఎవరో తెలిసింది, అతనికి లోపల పనుందని తెలియలేదు. గేటు దగ్గర వాదనలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. ఒక సంతకం దొరికింది కాబట్టి మిగతా రెండూ నామమాత్రమని వచ్చినవాళ్లు అనుకుంటారు, ఒక్కోసారి లోపలివాళ్లూ అలాగే అనుకుంటారు.

గేటు వెనుక ఉన్న చట్టం

రక్షణ పరిశోధనశాలల గేట్ల దగ్గర సాధారణంగా డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ జవాన్లుంటారు. బీడీఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో, అణుశక్తి విభాగం కింద ఉన్న ఎన్‌ఎఫ్‌సీలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్‌ఎఫ్ ఉంటుంది. ప్రైవేటు డేటా సెంటర్లలో 2005 నాటి ప్రైవేటు భద్రతా ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు తీసుకున్న ఏజెన్సీ గార్డులుంటారు. వచ్చేవాళ్లకు అందరూ యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీగానే కనిపిస్తారు కానీ వాళ్ల వెనుక ఉన్న చట్టం వేరు.

1923 నాటి అధికార రహస్యాల చట్టం కొన్ని చోట్లను నిషిద్ధ ప్రదేశాలుగా గుర్తిస్తుంది. అలాంటి చోటికి ప్రవేశం కోసం దరఖాస్తులో తెలిసి తెలిసి అబద్ధం రాసినా, ఉన్న విషయం దాచినా, పాసును దిద్దినా, ఇంకొకరి పేరు మీద ఇచ్చిన పాసు వాడినా ఆ చట్టంలోని 6వ సెక్షన్ కిందకు వస్తుంది. ఆ సెక్షన్ నోటిమాటను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే అక్కడ గార్డు పెన్నుతో కొట్టివేతను ఒప్పుకోడు, మళ్లీ కొత్త ఫారం రాయమంటాడు. అది మొండితనం కాదు. దిద్దిన పాసు చేతిలో ఉంటే దిద్దింది ఎవరో తర్వాత తేల్చడం కష్టం.

హోస్ట్ ఆమోదం ఎంతవరకు పనిచేస్తుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. కంచన్‌బాగ్ వైపు ఒక సంస్థలో వాక్యూమ్ ఫర్నేస్, అంటే లోపలి గాలి తీసేసి వేడిచేసే కొలిమి ఉందనుకోండి. దాని రోటరీ పంపు సరిగ్గా గాలి లాగడం లేదు. బాలానగర్‌లోని సర్వీసు కంపెనీ నుంచి ఒక ఇంజినీరు, ఒక హెల్పర్ గురువారం రావాలి. ఫర్నేస్ చూసుకునే అధికారి మంగళవారం పాస్ కోసం రిక్వెస్టు పెట్టారు.

ఆయన నింపే గడుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది "వచ్చే పని" అన్న గడి. దాదాపు అందరూ అక్కడ "అఫీషియల్" అని రాసి వదిలేస్తారు. ఆ మాటతో భద్రతా అధికారికి ఒక్క నిర్ణయం కూడా చేతికి రాదు. అదే గడిలో "ఫర్నేస్ హాల్లో రోటరీ పంపు విప్పి సర్వీసు చేయడం, ఆయిల్ మార్చడం, తర్వాత వాక్యూమ్ పరీక్ష, సుమారు 6 గంటలు" అని రాస్తే చాలా విషయాలు తేలిపోతాయి. వాళ్లు ఏ భవనం దాకా వెళ్లాలో తెలుస్తుంది. స్పానర్లు, ఆయిల్ డబ్బా ఎందుకు తెస్తున్నారో తెలుస్తుంది. మధ్యాహ్న భోజనం వేళ దాటుతుంది కాబట్టి ఎస్కార్ట్‌కు బదులు మనిషి కావాలనీ తెలుస్తుంది. గేటు దగ్గర బ్యాగులో పంపు వేన్‌లు కనిపించినప్పుడు గార్డు వాటిని ఈ వాక్యంతోనే పోల్చి చూస్తాడు.

హోస్ట్ రిక్వెస్టు పెట్టగానే ఆమోదం అయిపోయినట్టు కాదు. కట్టుదిట్టమైన సంస్థల్లో దాని మీద డివిజన్ హెడ్ లాంటి రెండో అధికారి సంతకం ఉంటుంది, ఆ తర్వాత భద్రతా విభాగం చూస్తుంది. పిలిచిన మనిషే ఒప్పుకునే మనిషి కాకూడదన్నది దీని వెనుక సూత్రం. పని తొందరలో ఉన్న హోస్ట్‌కు రిస్కు చిన్నదిగా కనిపిస్తుంది. పక్కనుంచి చూసేవాళ్లకు, "ఆ రోజు పక్క హాల్లో ఇంకో పని జరుగుతోంది, శుక్రవారం పిలవండి" అని చెప్పే వీలుంటుంది. విదేశీయులైతే ఈ దారి ఇంకా పొడుగవుతుంది. రక్షణ సంస్థల్లో వాళ్ల అనుమతి గేటు స్థాయిలో తేలేది కాదు, పైనుంచి రావాలి.

గేటు దగ్గర ఆగిపోయే కేసుల్లో చాలా తరచుగా కనిపించేది హోస్ట్ ఆరోజు సెలవులో ఉండటం. రిక్వెస్టు మంగళవారం ఆయనే పెట్టారు, గురువారం ఆయన ఊళ్లో లేరు. మెయిల్ ఉంది, ఆమోదం ఉంది, మనిషిని తీసుకెళ్లేవాళ్లు లేరు. అందుకే మంచి ఫారంలో ప్రత్యామ్నాయ హోస్ట్ అనే గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకపోతే ఈ చిక్కు చాలావరకు ముందే పోతుంది.

ఇంకో పద్ధతి ఫోన్లో చెప్పడం. వచ్చినవాళ్లు తమ మొబైల్ నుంచి సార్‌కు ఫోన్ కలిపి గార్డు చేతికిస్తారు. అవతలి గొంతు "పంపించండి, నేను చెప్తున్నాను" అంటుంది. ఆ గొంతు ఎవరిదో గార్డుకు తెలిసే దారి లేదు, ఆ నంబరు ఇచ్చింది వచ్చినవాళ్లే కదా. సరైన పద్ధతిలో గార్డు ఆ ఫోన్ పెట్టేసి, సంస్థ డైరెక్టరీలో ఉన్న ఎక్స్‌టెన్షన్‌కు తానే ఫోన్ చేస్తాడు. దానికి పట్టేది రెండు నిమిషాలు. అవమానంగా అనిపించవచ్చు, కానీ ఇంకొకరిలా మాట్లాడి లోపలికి రావాలనుకునేవాళ్లను ఆపేది ఆ రెండు నిమిషాలే.

పేరు, ముఖం, కార్డు: మూడూ కలవాలి

గురువారం పొద్దున 10 గంటలకు ఇద్దరూ గేటుకు వచ్చారు. ఇప్పుడు రెండో ప్రశ్న మొదలవుతుంది. గుర్తింపు తనిఖీలో నిజానికి రెండు పోలికలున్నాయి. కార్డు మీద ఉన్న పేరు ఆమోదం పొందిన పేరుతో కలవాలి. కార్డు మీద ఉన్న ముఖం ఎదురుగా నిలబడ్డ ముఖంతో కలవాలి. మొదటిది చేసి రెండోది వదిలేయడం రద్దీ వేళల్లో తరచుగా జరుగుతుంది. గార్డు కళ్లు కార్డు నుంచి రిజిస్టరు మీదికి వెళ్తాయి, మనిషి ముఖం మీదికి వెళ్లవు.

పేరు కలపడం తెలుగువాళ్ల విషయంలో అనుకున్నంత తేలిక కాదు. ఒకే మనిషికి ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్సులో వెనక్కి వెళ్తుంది, కంపెనీ ఇచ్చిన లెటర్లో రెండు పొడి అక్షరాలైపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు ఒకేచోట రాసినవాళ్లూ ఉన్నారు. కె.వి. రావు అని రిక్వెస్టులో ఉంటే ఆ అక్షరాలు సరిపోయేవాళ్లు ఒక్క కంపెనీలోనే ఇద్దరు ముగ్గురుండొచ్చు. అందుకని రిక్వెస్టు పెట్టేటప్పుడే, ఏ కార్డు తెస్తారో కనుక్కుని ఆ కార్డు మీద ఉన్నట్టే, అదే వరుసలో పేరు రాయాలి. గేటు దగ్గర పోయే అరగంట దీంతో మిగులుతుంది. పుట్టిన తేదీ కూడా ఉంటే ఇంకా నమ్మకం, అయితే కొన్ని పాత ఆధార్ కార్డుల్లో సంవత్సరం మాత్రమే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన ఉదాహరణలో మెలిక. ఆమోదం పొందిన ఇంజినీరుకు జ్వరం. కంపెనీ అతని బదులు ఇంకొక ఇంజినీరును పంపింది. అతని దగ్గర కంపెనీ ఐడీ ఉంది, ఆధార్ ఉంది, పంపు గురించి ఇంకా బాగా తెలిసినవాడు కూడా. హోస్ట్ గేటు దాకా వచ్చి "ఇతనూ వాళ్లబ్బాయే, పేరు మార్చి పంపండి" అంటారు.

పేరు మార్చడం కుదరదు. మంగళవారం భద్రతా విభాగం చూసింది మొదటి మనిషి వివరాలను, ఈ మనిషివి కావు. ఇంతకుముందు ఎక్కడైనా ఇతన్ని నిలిపేశారా, ఇంకో సంస్థ పేరు మీద వచ్చాడా అన్నది ఎవరూ చూడలేదు. కాబట్టి ఇతని పేరు మీద కొత్త రిక్వెస్టు వెళ్లాలి, దాని మీద డివిజన్ హెడ్ ఆమోదం రావాలి. పాత పాసును రద్దు చేసి, రద్దయినట్టు రిజిస్టరులో రాయాలి. పాత పాసు తెరిచే ఉంటే సాయంత్రానికి లోపల లేని మనిషి ఒకడు లోపల ఉన్నట్టు లెక్క చూపిస్తుంది. అధికారులు అందుబాటులో ఉంటే ఇదంతా గంటలోపు అయ్యే పని, లేకపోతే ఆ రోజుకు హెల్పర్ కూడా వెనక్కి వెళ్లాల్సిందే. హెల్పర్ పాసు సరిగ్గానే ఉన్నా, అతన్ని పిలిచింది ఇంజినీరుకు సాయంగా కాబట్టి అతను ఒక్కడే లోపలికి వెళ్లి చేసే పని లేదు.

ఆధార్: చూపించడం, కాపీ ఇవ్వడం, స్కాన్ చేయడం వేరు వేరు

ఆధార్ విషయంలో గందరగోళం ఎక్కువ. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రైవేటు సంస్థలు ఒప్పందం పేరుతో ఆధార్ ధ్రువీకరణ వాడుకునే వీలు కల్పించిన భాగాన్ని కొట్టేసింది. ఆ తర్వాత 2019 సవరణతో ఆఫ్‌లైన్ ధ్రువీకరణ చట్టంలోకి వచ్చింది. దాని ప్రకారం మనిషి సమ్మతి ఉండాలి, ఆధార్ కాకుండా ఇంకే కార్డులు చూపించవచ్చో కూడా అతనికి చెప్పాలి.

ఆఫ్‌లైన్ ధ్రువీకరణ అంటే చాలావరకు కార్డు మీద ఉన్న క్యూఆర్ కోడ్ చదవడం. అందులో పేరు, చిరునామా, ఫొటో ఉంటాయి, వాటి మీద ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. కార్డు మీద పేరు దిద్ది, ఫొటో మార్చి ప్రింటు తీసినా కోడ్ లోపలి సమాచారం మారదు, కోడ్‌నే తయారుచేస్తే సంతకం కలవదు. అందుకే ప్లాస్టిక్ కార్డును వేళ్లతో తడిమి చూడటం కంటే స్కాన్ చేయడం మేలు. అయితే దాని హద్దు కూడా తెలియాలి. కార్డు అసలుదని కోడ్ చెబుతుంది, పట్టుకొచ్చిన మనిషి ఆ కార్డుదారేనని చెప్పదు. పదేళ్ల కిందటి చిన్న ఫొటోను ఎదుటి ముఖంతో పోల్చే పని గార్డు కళ్లదే. అనుమానం వస్తే ఫొటో ఉన్న ఇంకో కార్డు అడగాలి. అలాగే ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. జాతీయత గడి నింపాల్సిన చోట కొన్ని సంస్థలు పాస్‌పోర్టు అడిగేది అందుకే.

ఫొటోకాపీ ఇవ్వాలా వద్దా? 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఫొటోకాపీలు ఎవరికీ ఇవ్వొద్దని ప్రకటించింది, రెండు రోజులకే కేంద్రం దాన్ని ఉపసంహరించుకుంది. ఆ రెండు ప్రకటనల మధ్య జనం మరింత అయోమయంలో పడ్డారు. విజిటర్ పాస్ వరకు చూస్తే 12 అంకెలూ రిజిస్టరులో రాయాల్సిన పని సాధారణంగా ఉండదు. ఏ కార్డు చూశారో, చివరి 4 అంకెలేమిటో రాస్తే తర్వాత వెతకడానికి సరిపోతుంది. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి తీసుకోవచ్చు. దాని మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది.

ఒక చిన్న ఇబ్బంది చాలామందికి గేటు దగ్గరే తెలుస్తుంది. కార్డులన్నీ డిజీలాకర్‌లో ఉన్నాయి, ఫోన్ మాత్రం లోపలికి వెళ్లదు. కొన్నిచోట్ల ఫోన్ డిపాజిట్ చేసే కిటికీ మొదట వస్తుంది, గుర్తింపు చూసే కౌంటరు తర్వాత వస్తుంది. అందుకే ఇలాంటి చోట్లకు వెళ్లేటప్పుడు కార్డు జేబులో ఉండాలి. పంపు మాన్యువల్ కూడా ఫోన్లోనే పెట్టుకుని వచ్చిన ఇంజినీరు లోపల చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. కావాల్సిన పేజీలు ప్రింటు తీసుకుని రావాలి, ఆ సంగతి ముందే చెప్పాల్సింది హోస్ట్.

ఒరిజినల్ కార్డు గేటులో పెట్టుకోవడం మీద రెండు వాదనలు

కొన్ని గేట్ల దగ్గర పాసు ఇచ్చి ఒరిజినల్ కార్డు తీసుకుంటారు, వెళ్లేటప్పుడు పాసు తిరిగిస్తేనే కార్డు ఇస్తారు. దీన్ని సమర్థించేవాళ్ల వాదన బలమైనదే. పాసు జేబులో పెట్టుకుని వెళ్లిపోవడం దీంతో దాదాపు ఆగిపోతుంది. కార్డుల పెట్టెలో ఎన్ని కార్డులున్నాయో లోపల అంతమంది ఉన్నట్టు, కంప్యూటరు ఆగిపోయినా ఈ లెక్క ఆగదు.

అవతలి వాదనా తీసిపారేయదగ్గది కాదు. లోపల స్పృహ తప్పి పడిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే అతని ఐడీ గేటు దగ్గర ఉండిపోతుంది. వేరే గేటు నుంచి బయటికి పంపిస్తే కార్డు మరో గేటులో ఇరుక్కుంటుంది. ఒకరి కార్డు మరొకరికి ఇచ్చేయడం రద్దీలో జరిగేదే. పాస్‌పోర్టు అయితే అది ప్రభుత్వ ఆస్తి, గేటు పెట్టెలో వదలాల్సిన వస్తువు కాదు. నా దృష్టిలో పాసు తిరిగి రావడమే లక్ష్యమైతే ఫోన్ డిపాజిట్ టోకెన్ ఆ పని బాగానే చేస్తుంది. ఫోన్ వదిలేసి ఎవరూ ఇంటికి పోరు. ఫోన్లు అనుమతించే సంస్థల్లో ఆ వెసులుబాటు లేదు కాబట్టి అక్కడ కార్డు తీసుకోవడాన్ని తప్పు పట్టలేం, కాకపోతే రసీదు ఇవ్వాలి.

ఈ వివరాలను ఎంతకాలం దాచాలన్నదీ ఇలాంటి చర్చే. కార్డు చెల్లింపుల సమాచారం ఉండే చోట్ల పాటించే పీసీఐ డీఎస్‌ఎస్ ప్రమాణం విజిటర్ లాగ్‌ను కనీసం 3 నెలలు ఉంచమంటుంది. అందులో పేరు, సంస్థ, తేదీ, సమయం, ప్రవేశానికి అనుమతించిన ఉద్యోగి పేరు ఉండాలి. మరోవైపు 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అవసరం తీరాక సమాచారం అట్టిపెట్టుకోవద్దనే దిశలో ఉంది. రెండూ కలిసి నడవాలంటే లాగ్‌ను, కార్డు కాపీలను వేరుగా చూడాలి. లాగ్ ఉంచడానికి కారణం ఉంది. కాపీల కట్టను బీరువా కింద ఏళ్ల తరబడి ఉంచడానికి కారణం చెప్పడం కష్టం.

ఎస్కార్ట్ అంటే దారి చూపేవాడు కాదు

రెండు సంతకాలూ అయ్యాయి. ఇప్పుడు ఇద్దరూ లోపలికి వెళ్తున్నారు. గేటు నుంచి ఫర్నేస్ హాల్ దాకా ఎస్కార్ట్ తీసుకెళ్లి హోస్ట్‌కు అప్పగిస్తారు. ఎస్కార్ట్ నియమం ఒక్క వాక్యంలో చెప్పాలంటే, విజిటర్ ఎప్పుడూ ఎవరో ఒకరి కళ్ల ముందు ఉండాలి, ఆ ఎవరో ఎవరన్నది కాగితం మీద ఉండాలి. పక్క గదిలో ఉన్నాను, పిలిస్తే వస్తాను అన్నది ఎస్కార్ట్ కాదు.

ఒక ఎస్కార్ట్‌కు ఎంతమంది విజిటర్లు అన్నది సంస్థ నిర్ణయించుకునేది. ఆవరణలో నడిచేటప్పుడు ఒకరికి ఐదుగురని, ప్రయోగశాల లోపల ఒకరికి ఇద్దరని పెట్టుకున్నారనుకుందాం. మన ఇద్దరికి ఒక్కరు సరిపోతారని లెక్క చెబుతుంది. కానీ పన్నెండున్నరకు పంపులో పాత ఆయిల్ తీసేశాక కొత్త ఆయిల్ డబ్బా పార్కింగులో వ్యాన్‌లో ఉండిపోయిందని గుర్తొస్తుంది. హెల్పర్ తేవాలి, ఇంజినీరు పంపు దగ్గర ఉండాలి. ఆ క్షణంలో ఇద్దరు విజిటర్లు రెండు చోట్ల ఉండాలి, ఎస్కార్ట్ ఒక్కరే. అప్పుడు మూడు దారులున్నాయి: ఇంకో ఎస్కార్ట్‌ను పిలవడం, పని ఆపి ఇద్దరినీ కలిపి తీసుకెళ్లడం, డబ్బాను హోస్ట్ మనిషే వెళ్లి తేవడం. సాధారణంగా జరిగేది నాలుగోది, "నువ్వెళ్లి తెచ్చెయ్, దారి తెలుసుగా" అనడం. బాత్రూమ్‌కు వెళ్లినప్పుడూ ఇదే చిక్కు. కాబట్టి ఎస్కార్ట్‌ల సంఖ్యను తలల లెక్కతో కాకుండా ఆ పనిలో మనుషులు ఎన్నిచోట్లకు చీలతారన్న లెక్కతో నిర్ణయించాలి.

రెండో బలహీనత ఎదురుచూపు. సర్వీసు అయ్యాక పంపును నడిపి గాలి ఎంత లోతుగా లాగుతుందో చూడటానికి గంటలు పట్టొచ్చు. ఆ సమయంలో చేసే పనేమీ ఉండదు. ఎస్కార్ట్‌కు విసుగొస్తుంది, టీకి వెళ్తారు. పని చేస్తున్న మనిషి చూపు పంపు మీద ఉంటుంది, ఖాళీగా కూర్చున్న మనిషి చూపు నాలుగు గోడల మీదా తిరుగుతుంది. ఎస్కార్ట్ ఎక్కువ అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే. ఆ వేళకు ఎవరు ఎవరి నుంచి బాధ్యత తీసుకున్నారో టైముతో పాసు వెనక రాసి సంతకం పెట్టాలి.

ఎస్కార్ట్‌గా హోస్టే ఉండాలా, భద్రతా సిబ్బంది ఉండాలా అన్నదాని మీద అభిప్రాయాలు రెండు. హోస్ట్‌కు పని తెలుసు. ఇంజినీరు ఫర్నేస్ కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే అది పంపు పనికి అవసరమా కాదా అన్నది ఆయనే చెప్పగలరు, గార్డు చెప్పలేడు. కానీ హోస్ట్‌కు ఫోన్లొస్తాయి, మీటింగులుంటాయి, వచ్చిన ఇంజినీరుతో ఏళ్ల పరిచయం ఉంటుంది. గార్డుకు వేరే పని లేదు, మొహమాటమూ లేదు. సున్నితమైన హాళ్లలో ఇద్దరినీ పెట్టేది అందుకే. అంత సిబ్బంది లేని చోట హోస్ట్ విభాగంలోంచే, ఆరోజు వేరే పని అప్పగించని ఒక సాంకేతిక ఉద్యోగిని పెట్టడం మధ్యేమార్గం.

పంపు బయటికి వెళ్లాల్సి వస్తే

మూడు గంటలకు తేలిందేమిటంటే పంపు లోపలి భాగం అరిగింది, బాలానగర్ తీసుకెళ్లి బాగుచేయాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. విజిటర్ పాస్ మనిషికి సంబంధించినది, వస్తువుకు కాదు. పంపు సంస్థ ఆస్తి, తిరిగి రావాల్సినది. కాబట్టి దానికి రిటర్నబుల్ గేట్ పాస్ వేరుగా కావాలి. అందులో పంపు సీరియల్ నంబరు, తిరిగి వచ్చే తేదీ, అధికారం ఉన్న అధికారి సంతకం ఉండాలి. ఇంజినీరు తెచ్చిన స్పానర్ల పెట్టె, వాక్యూమ్ గేజ్ పొద్దున లోపలికి వచ్చేటప్పుడు రాయించుకున్నవైతేనే ఇప్పుడు బయటికి వెళ్తాయి. పొద్దున గేజ్‌ను "టూల్ కిట్" అన్న మాట కింద కలిపేసి ఉంటే అది అతనిదో సంస్థదో సాయంత్రం తేల్చేవాళ్లుండరు. మీటర్లు, ల్యాప్‌టాప్ లాంటివాటికి సీరియల్ నంబరు లేకుండా ఎంట్రీ చేయించుకుని నష్టపోయేది తెచ్చినవాళ్లే.

రెండు టైముల మధ్య ఏముంది

వెళ్లేటప్పుడు హోస్ట్ పాసు మీద సంతకం పెట్టి టైము వేస్తారు. గేటు దగ్గర పాసు తీసుకున్న గార్డు ఇంకో టైము వేస్తాడు. ఈ రెండు టైములూ పక్కపక్కనే ఉంటాయి, వాటి మధ్య తేడాను మాత్రం ఎవరూ చూడరు. ఎస్కార్ట్ నిజంగా నడిచిందా లేదా అన్నది చూపించేది ఆ తేడాయే.

ఫర్నేస్ హాల్ నుంచి గేటుకు నడక 10 నిమిషాలనుకుందాం. హోస్ట్ వేసిన టైము 3:40, గేటు టైము 3:52 అయితే అంతా సవ్యంగా ఉంది. గేటు టైము 4:30 అయితే 40 నిమిషాలు లెక్కకు రావడం లేదు. క్యాంటీన్‌లో ఉండొచ్చు, పంపు గేట్ పాస్ కోసం ఆగి ఉండొచ్చు, ఇంకో విభాగంలో తెలిసినవాళ్లను కలిసి ఉండొచ్చు. మొదటి రెండూ మామూలే కానీ ఎస్కార్ట్ పేరుతో రాసి ఉండాలి. మూడోది ఆమోదంలో లేని చోటికి వెళ్లడం.

తేడా మరీ చక్కగా ఉన్నా అనుమానించాల్సిన సందర్భం ఒకటుంది. ఒక హోస్ట్ సంతకం పెట్టిన పాసులన్నిటి మీదా టైము 5:00 అనో 4:30 అనో గుండ్రంగా ఉంటే, ఆయన పొద్దున మనిషి రాగానే సంతకం పెట్టి పాసు ఇచ్చేస్తున్నారని అర్థం. గేటు టైము హోస్ట్ టైము కంటే ముందు ఉన్న స్లిప్పు ఒక్కటి దొరికినా చాలు, ముందుగానే సంతకం పెట్టారనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ముందే సంతకమైన పాసు చేతిలో ఉన్న విజిటర్‌కు ఆ తర్వాత ఆవరణలో ఎక్కడున్నా ఎవరూ అడ్డు చెప్పరు. ఎందుకంటే ఎవరు ఆపి చూసినా అతను బయటికి వెళ్తున్న మనిషిలాగే కనిపిస్తాడు.

క్యూఆర్ కోడ్ పాసులు వచ్చిన చోట గేటు టైము దానంతటదే పడుతుంది కాబట్టి సగం సమస్య తీరింది. హోస్ట్ వైపు టైము మాత్రం ఇంకా హోస్ట్ నొక్కే బటన్ మీదే ఆధారపడి ఉంది, మనిషి వెళ్లిపోయిన గంటకు గుర్తొచ్చి నొక్కేవాళ్లున్నారు. భవనం ద్వారం దగ్గర కూడా స్కాన్ పెడితే తప్ప ఆ తేడా నమ్మదగ్గది కాదు.

సాయంత్రం షిఫ్టు మారే ముందు గేటు దగ్గర ఇచ్చిన పాసులు, తిరిగొచ్చిన పాసులు లెక్క కట్టి, మిగిలినవాటికి ఒక్కొక్క హోస్ట్‌కూ ఫోన్ చేస్తారు. మన ఉదాహరణలో మూడు పాసులు పుట్టాయి: జ్వరం వచ్చిన ఇంజినీరుది, బదులు వచ్చినతనిది, హెల్పర్‌ది. పొద్దున మొదటిదాన్ని రద్దు చేసి రాసి ఉంటే రెండు తిరిగి రాగానే లెక్క సరిపోతుంది. రాయకపోతే రాత్రి డ్యూటీ అధికారి ఆ మూడో మనిషి కోసం హోస్ట్‌ను నిద్ర లేపాలి, ఫర్నేస్ హాల్ తెరిపించి చూడాలి, అతను అసలు రాలేదని తేలేదాకా గేటు లాగ్ మూయకూడదు.